రాత్రి డ్యూటీ, అర్ధరాత్రి అన్నం, పెరిగిన బరువు : ఒక విమర్శ

శ్రీకాకుళం జిల్లాలో రణస్థలం మండలం పైడిభీమవరం గ్రామం జాతీయ రహదారి పక్కన, విజయనగరం జిల్లా సరిహద్దుకు దగ్గరలో ఉన్నది. అక్కడి మందుల కర్మాగారాలు మూడు షిఫ్టులలో పనిచేస్తాయి. రాత్రి ఎనిమిదిన్నర మొదలు చుట్టుపక్కల ఊళ్ళనుండి కంపెనీ బస్సులు మనుషులను ఎక్కించుకొని పోతూ, తెల్లవారి ఏడు గంటల వేళకు మళ్ళీ దింపుతూ ఉంటాయి. ఆ బస్సులలో పోయేవారిని, విజయనగరం జంక్షనులో రాత్రి రైళ్ళమీద పనిచేసేవారిని, ఆసుపత్రి నర్సులను ఎవరిని అడిగినా ఒక మాట వినిపిస్తుంది : “నైట్ డ్యూటీ వచ్చిన తరువాతే ఒళ్ళు వచ్చింది.” ఆరోగ్య శిబిరాలలో ఉపన్యాసకులు దీనికి కారణం కూడా సిద్ధంగా చెప్తారు. రాత్రివేళ జీవక్రియ మందగిస్తుంది గనుక అప్పుడు తిన్నది ఖర్చుకాక కొవ్వుగా మారుతుందని, కాబట్టి అర్ధరాత్రి అన్నం మానివేయవలెనని వారి బోధ.

ఈ బోధలో కొంత నిజం ఉన్నది. అయితే ఎంత నిజం ఉన్నదో ఎవరూ తూచి చెప్పరు. తూకం వేయకుండా కారణం చెప్పడం విజ్ఞానశాస్త్రం కాదు గదా! ఈ వ్యాసంలో ఆ తూకమే వేసి చూద్దాం.

మొదట ఒక మనిషిని తీసుకొందాం. మా వీధిలో ఉండే ఒక యువకుడు ఎనిమిదేళ్ళ క్రితం ఒక కర్మాగారంలో చేరినాడు. అప్పుడతని బరువు 61 కిలోలు, ఇప్పుడు 70. “తినేది ఆ మూడు పూటలే మాస్టారూ, మరి ఒళ్ళెందుకు వచ్చిందండీ?” అని నన్ను అడిగినాడు. వారం పొద్దుటి షిఫ్టు, వారం మధ్యాహ్నపు షిఫ్టు, వారం రాత్రి షిఫ్టు, ఇలా తిరుగుతుంటాయి అతని పనివేళలు.

తొమ్మిది కిలోలను శక్తిగా మార్చి చూద్దాం. ఒక కిలో శరీర కొవ్వులో సుమారు 7,700 కిలోకెలోరీలు ఉంటాయని పుస్తకాలలో ఉన్నది. తొమ్మిది కిలోలకు 69,300. దీనిని ఎనిమిదేళ్ళ రోజులతో, అంటే 2,920తో భాగిస్తే రోజుకు 24 కిలోకెలోరీలు కూడా రావు. ఒక బిస్కత్తుపాటి! “రోజుకొక బిస్కత్తు తగ్గిస్తే చాలు” అని పత్రికలలో వచ్చే సలహాలన్నీ ఈ భాగహారంనుండి పుట్టినవే.

ఈ భాగహారం తప్పు. శరీరం డబ్బాలో పోసిన బియ్యం వంటిది కాదు. బరువు పెరిగినకొద్దీ ఆ బరువును మోయడానికి, పోషించడానికి అయ్యే ఖర్చు కూడా పెరుగుతుంది. ఈ సంగతిని లెక్కలోకి తీసుకొని అమెరికాలో కెవిన్ హాల్, ఆయన సహచరులు 2011లో లాన్సెట్ పత్రికలో ఒక స్థూలసూత్రం ప్రకటించినారు. రోజువారీ శక్తిలో సుమారు 24 కిలోకెలోరీల మార్పు శాశ్వతంగా ఉండిపోతే శరీరం చివరకు ఒక కిలో మారి అక్కడ నిలుస్తుంది. ఆ మార్పులో సగం మొదటి ఏడాదిలోను, దాదాపు అంతా మూడేళ్ళలోను వస్తుంది. అంతటితో ఆగిపోతుంది. కాబట్టి రోజుకొక బిస్కత్తు ఎక్కువ తిన్నవాడు ఎనిమిదేళ్ళకు తొమ్మిది కిలోలు పెరగడు, ఒక్క కిలో పెరుగుతాడు.

ఈ సూత్రంతో మన యువకుని లెక్క తిరిగి వేస్తే తొమ్మిది ఇంటూ ఇరవైనాలుగు, 216. అంటే ఉద్యోగంలో చేరిన నాటికంటె నేడు అతని రాబడికి, అప్పటి ఖర్చుకు మధ్య రోజుకు సుమారు 216 కిలోకెలోరీల తేడా ఏర్పడి ఉండవలెను. మన అన్వేషణ ఇప్పుడు ఈ 216 కోసం. ఇందులో రాత్రి డ్యూటీ వాటా ఎంత?

“జీవక్రియ మందగించడం” అనే వాదానికి ఆధారంగా సాధారణంగా చూపేది కొలరాడో విశ్వవిద్యాలయంలో జరిగి 2014లో ప్రచురితమైన ప్రయోగం. మక్‌హిల్, కెన్నెత్ రైట్ మొదలైనవారు 14 మంది ఆరోగ్యవంతులను ఆరు రోజులు ప్రయోగశాలలోనే ఉంచి, వారు పీల్చి వదిలే గాలిని కొలిచి ఎంత శక్తి ఖర్చవుతున్నదో లెక్కగట్టినారు. ఆహారాన్ని కొలిచి పెట్టినారు. మొదట రాత్రి నిద్ర, పగటి మెలకువ. తరువాత దానిని తలక్రిందులు చేసి పగటి నిద్ర, రాత్రి మెలకువ. రెండవ, మూడవ రాత్రి డ్యూటీ రోజులలో మొత్తం శక్తి ఖర్చు సుమారు 3 శాతం తగ్గినది. ఉపన్యాసాలలో మనకు వినిపించేది ఈ మూడు శాతమే.

అదే ప్రయోగంలో మొదటి రాత్రి డ్యూటీ రోజున ఖర్చు సుమారు 4 శాతం పెరిగినది. కారణం సులభమే. షిఫ్టు మారే ఆ రోజున మనిషి ఎక్కువ గంటలు మెలకువగా ఉంటాడు, మెలకువకు నిద్రకంటె ఎక్కువ శక్తి కావలెను. ఈ నాలుగు శాతం సంగతి ఎవరూ చెప్పరు. మన యువకునికి వారానికి ఆరు రాత్రులు డ్యూటీ ఉంటుంది. మొదటి రాత్రి 4 పెరిగి, మిగిలిన అయిదు రాత్రులూ 3 చొప్పున తగ్గినవని అనుకొంటే సగటున తగ్గుదల రెండు శాతంలోపే. అతని రోజువారీ ఖర్చు 2,400 అనుకొంటే ఇది 44 కిలోకెలోరీలు. మూడు వారాలకొక రాత్రి వారం గనుక, మొత్తంమీద సగటున రోజుకు 15. మొదటి రాత్రిని పట్టించుకోక అంతా మూడు శాతమే తగ్గినదనుకొన్నా రోజుకు 24 మించదు. హాల్ సూత్రం ప్రకారం ఇది ఒక కిలోకు చాలును. తొమ్మిదింటికి చాలదు.

అన్నం అరిగించుకోవడానికయ్యే ఖర్చుమాట ఏమిటని అడగవచ్చు. తిన్న తరువాత శరీరం కొంత వేడెక్కుతుంది, ఆ ఖర్చు వేళనుబట్టి మారుతుంది. 1993లో ఫ్రాన్సులో రోమన్, ఆమె సహచరులు తొమ్మిదిమంది యువకులకు ఒకే భోజనాన్ని ఉదయం తొమ్మిదింటికి, సాయంకాలం అయిదింటికి, రాత్రి ఒంటిగంటకు వేరువేరుగా పెట్టి చూసినారు. తిన్నదానిలో ఉదయం 16 శాతం వరకు ఇట్లు ఖర్చుకాగా, రాత్రి 11 శాతమే అయినది. తేడా ఉన్నమాట నిజం. కాని 400 కిలోకెలోరీల భోజనంలో అయిదు శాతం ఎంత? ఇరవై! టీలో వేసే ఒక చెంచా పంచదారకు సరిపోతుంది. పైగా స్కాట్లండులోని ఆబర్డీనులో 2022లో ప్రకటించిన ప్రయోగం ఈ వాదాన్ని ఇంకా బలహీనపరచినది. అక్కడ 30 మందికి నాలుగు వారాలు ఉదయం భారీగా, మరి నాలుగు వారాలు రాత్రి భారీగా భోజనం పెట్టినారు. మొత్తం శక్తి సమానం. రెండు విధాలలోను తగ్గిన బరువు సుమారు 3.3 కిలోలే. ఉదయం భారీగా తిన్నపుడు ఆకలి తక్కువగా ఉన్నదట, అంతే. వీరు షిఫ్టు పనివారు కారనే మాట నిజమే. అయినా భోజనవేళ ఒక్కటే బరువును పెంచుతుందనే మాటకు ఇది గట్టి అడ్డు.

ఇక్కడ ఎలుకల సంగతి ఎత్తేవారున్నారు. 2009లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చిట్టెలుకలకు నిద్రపోవలసిన వేళలో మాత్రమే కొవ్వు తిండి పెడితే చాలా లావెక్కినవి. ప్రయోగం మంచిదే. కాని చిట్టెలుక రాత్రించర ప్రాణి, దాని తిండి కొవ్వుతో నింపినది, కొద్ది వారాలలోనే దాని శరీరం తలక్రిందులు కాగలదు. దారి చూపడానికి ఎలుక పనికివస్తుంది గాని తూకం వేయడానికి పనికిరాదు.

మరి మనుషుల గుంపులలో లెక్కలు ఏమంటున్నవి? 2018లో 28 పరిశోధనలను కలిపి చూసినపుడు రాత్రి పనివారిలో స్థూలకాయం ఉండే అవకాశాల నిష్పత్తి 1.23 అని తేలినది. పొట్ట చుట్టూ కొవ్వు విషయంలో అది 1.35. కాబట్టి సంబంధం ఉన్నదనడంలో సందేహం లేదు, అది బరువులోకంటె నడుములో ఎక్కువ కనిపిస్తున్నది. తక్కెడ ఒక్కటే చూసేవారు నడుము టేపు కూడా దగ్గర ఉంచుకొనవలెను. మనవారికి మగవారిలో 90, ఆడవారిలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలని గీత గీసినారు.

కాని ఈ పరిశోధనలలో చాలా భాగం ఒకనాడు నిలబెట్టి కొలిచినవి. రాత్రి డ్యూటీవల్ల లావైనారా, రాత్రి డ్యూటీలలో చేరేవారి జీవితమే వేరా అన్నది వాటిలో తేలదు. ఏళ్ళతరబడి ఒకే మనుషులను అనుసరించిన పరిశోధనలను 2011లో వాన్ ద్రోంగెలెన్ బృందం పరిశీలించి, పైపైన చూస్తే సంబంధం బలంగానే ఉన్నదని, వయస్సు, వ్యాయామం వంటివి సవరించి చూసినపుడు ఆధారం చాలడంలేదని తీర్పు చెప్పినది. అదే ఏడు అమెరికా నర్సులను దీర్ఘకాలం అనుసరించిన పరిశోధన కూడా వెలువడినది. మారుతూ వచ్చే రాత్రి డ్యూటీలు ప్రతి అయిదేళ్ళకు సగటున 0.45 కిలో బరువు పెంచినవని అందులో తేలినది. అయిదేళ్ళకు అర కిలో! ఇంతకుముందు మనం లెక్కకట్టిన ఒక కిలోకు ఇది ఎంత దూరం ఉన్నదో చూడండి. పైగా రాత్రులు తట్టుకోలేనివారు పగటి పనికి మారిపోతారు గనుక మిగిలినవారిలో నష్టం కొంత తక్కువగా కనిపించే అవకాశం కూడా ఉన్నది. ఎంత సవరించినా తొమ్మిది కిలోలు మాత్రం రావు.

కాబట్టి మన యువకుని విషయంలో నేను ఇంకొకరిని వెదకినాను. అతని ఊరివాడే, అదే ఏడు, అదేచోట ఉద్యోగంలో చేరి పగటి జనరల్ షిఫ్టులో పనిచేస్తున్న స్నేహితుడు ఒకడున్నాడు. ఇతడు కూడా ఆరు కిలోలు పెరిగినాడు! ఇద్దరూ చేరకముందు పొలం పనులకు పోయినవారే, సైకిలుమీద తిరిగినవారే. చోడి అంబలి తాగి మడిలో దిగిన శరీరాలు ఇప్పుడు బస్సెక్కి కుర్చీలో కూర్చుంటున్నవి, వయసూ ఎనిమిదేళ్ళు పెరిగినది. తొమ్మిదింటిలో ఆరు ఈ మార్పు ఖాతాలో వేయవచ్చు. రాత్రి డ్యూటీ ఖాతాలో వేయదగినది మూడు కిలోలు, అంటే రోజుకు 72 కిలోకెలోరీలు. అందులో జీవక్రియ మందగింపుకు ఒక కిలో ఇచ్చినా ఇంకా రెండు మిగులుతున్నవి. ఇద్దరు మనుషులతో ఏ సిద్ధాంతమూ నిలబడదు. కాని పోల్చి చూడకుండా “నైట్ డ్యూటీవల్లనే” అనడం ఎంత తేలికగా తప్పుదారి పట్టిస్తుందో ఈ ఇద్దరు చూపుతున్నారు.

తరువాత ఆ యువకునిచేత ఒక నోటుపుస్తకంలో తిన్నదంతా రాయించినాను. ఒక పొద్దుటి వారం, ఒక రాత్రి వారం. తిండి శక్తిని కట్టినది నేను, కొలతలు చేతివాటం కొలతలే.

పొద్దుటి షిఫ్టు వారంలో రోజు మొత్తం సగటున 2,360 వచ్చినది. టీలు మూడు, 210. తొమ్మిదింటికి కాంటీనులో ఇడ్లీ, పచ్చడి, 350. మధ్యాహ్నం ఇంటికి వచ్చి అన్నం, 750. సాయంకాలం చిరుతిండి, 300. రాత్రి అన్నం, 750.

రాత్రి షిఫ్టు వారంలో 2,600. బస్సెక్కే ముందు ఇంట్లో అన్నం, 700. ఒంటిగంటన్నరకు కాంటీనులో సాంబారన్నం, 400. టీలు మూడు, 210. నాలుగింటికి నిద్ర ఆపుకోవడానికి టీతో నాలుగు బిస్కత్తులు, 90. ఏడింటికి బస్సు దిగినచోట నాలుగు పూరీలు, కూర, 500. పడుకొని లేచి రెండింటికి అన్నం, 700.

రాత్రి వారంలో రోజుకు 240 ఎక్కువ. ఇది ఎక్కడినుండి వచ్చినదో చూడండి. అందరూ నిందించే ఆ ఒంటిగంటన్నర అన్నాన్నే ముందు చూద్దాం. ఇంటి భోజనాలు రెండూ కలిసి పొద్దుటి వారంలో 1,500, రాత్రి వారంలో 1,400. సాయంకాలపు చిరుతిండి రాత్రి వారంలో లేదు. ఇవన్నీ కలుపుకొంటే పొద్దుటి వారంలో 1,800, కాంటీను అన్నంతో సహా రాత్రి వారంలో కూడా సరిగా 1,800. అర్ధరాత్రి అన్నం అదనంగా చేర్చినది సున్న! టీలు రెండు వారాలలోను సమానమే. ఎక్కువైనది నాలుగింటి బిస్కత్తుల 90, ఇడ్లీ బదులు పూరీ తినడంవల్ల 150. ముద్దాయి బోనులో నిలబడినవాడు ఒకడు, దొంగసొత్తు దొరికినది వేరొకని ఇంట్లో.

మూడు వారాలకు పంచితే 240 రోజుకు 80 అవుతుంది, అంటే మూడు కిలోలకు కొంచెం పైన. జీవక్రియ వాటా లేకుండానే లెక్క నిండిపోయినది! ఇంత చక్కగా కుదిరిన లెక్కను నేను పూర్తిగా నమ్మను. మధ్యాహ్నపు షిఫ్టు వారాన్ని పొద్దుటి వారంవలెనే ఉన్నదనుకొన్నాను. పైగా నోటుపుస్తకంలో మనిషి తిన్నదానికంటె తక్కువే రాస్తాడు, లావుగా ఉన్నవాడు మరీ తక్కువ రాస్తాడు. 2016లో బోనమ్ బృందం అనేక పరిశోధనలను కలిపి, షిఫ్టు పనివారు తినే మొత్తం శక్తి పగటి పనివారి మొత్తానికి భిన్నంగా లేదని తేల్చినది. ఆ మాట మా యువకుని నోటుపుస్తకానికి విరుద్ధంగానే ఉన్నది. కాని ఆ పరిశోధనలలోని తిండి లెక్కలు కూడా ఎక్కువగా తిన్నవారు చెప్పినవే. అక్కడ రోజుకు డెబ్బై ఎనభై కిలోకెలోరీల తేడా ఉన్నా బయటపడడం కష్టం. బయటపెట్టగల పద్ధతి ఒకటున్నది. బరువైన హైడ్రోజను, బరువైన ఆక్సిజను కలిసిన నీటిని తాగించి, అవి మూత్రంలో ఎంత వేగంగా తగ్గుతున్నవో కొలిచి శక్తి ఖర్చును కనిపెడతారు. నోటుపుస్తకం అబద్ధమాడవచ్చు గాని ఆ నీరు ఆడదు. అది ఖరీదైన పద్ధతి.

ఆ పద్ధతితోనే షికాగోలో ఎస్రా తసాలి బృందం చేసిన పరిశోధన ఒకటి 2022లో వచ్చినది. నా ఉద్దేశంలో రాత్రి పనివారి బరువును అర్థం చేసుకోవడానికి భోజనవేళల ప్రయోగాలకంటె ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది. ఆరున్నర గంటలకంటె తక్కువ నిద్రపోయే 80 మంది అధిక బరువువారిని తీసుకొని, సగం మందికి నిద్ర పెంచుకొనే మార్గం చెప్పినారు. తిండి విషయం ఏమీ చెప్పలేదు. రెండు వారాలలో వారి నిద్ర రోజుకు సుమారు 1.2 గంటలు పెరిగినది. రెండవ గుంపుతో పోలిస్తే వారు తినే శక్తి రోజుకు సుమారు 270 కిలోకెలోరీలు తగ్గినది. వీరు రాత్రి పనివారు కారు, పెరిగినది రాత్రి నిద్ర, పగటి నిద్ర కాదు. ఆ హద్దు మరువరాదు.

మన యువకుడు రాత్రి వారంలో పగలు నిద్రించినది రోజుకు నాలుగు గంటల నలభైఅయిదు నిమిషాలు. వైశాఖమాసపు ఎండలో రేకుల గదిలో అంతకంటె పట్టదు. పొద్దుటి వారంలో ఆరు గంటలు. బిస్కత్తులు తిన్నది ఎప్పుడు? నాలుగింటికి, నిద్ర ముంచుకొచ్చే గడియలో. పూరీలు తిన్నది ఎప్పుడు? రాత్రంతా మేల్కొని బస్సు దిగిన క్షణంలో. “ఆకలి అని కాదండీ, ఏదో ఒకటి వేడిగా పడాలనిపిస్తుంది” అని అతడే అన్నాడు. మనం భోజనవేళ అని పిలుస్తున్నదానిలో ఎక్కువ భాగం అసలు నిద్రలేమి అని నాకు తోస్తున్నది.

ఇంతవరకు చదివి అర్ధరాత్రి అన్నం నిర్దోషి అని తీర్పు చెప్పరాదు. బరువు విషయంలోనే అది నిర్దోషి. రక్తంలో గ్లూకోజు విషయం వేరు. హార్వర్డులో సారా చెల్లప్ప, ఫ్రాంక్ షీర్ మొదలైనవారు 2021లో ప్రకటించిన ప్రయోగంలో 19 మందిచేత రాత్రి పనిని అనుకరింపజేసినారు. పగలు, రాత్రి రెండువేళలా తిన్న గుంపులో సగటు గ్లూకోజు 6.4 శాతం పెరిగినది. పగటివేళకే తిండి పరిమితం చేసిన గుంపులో పెరగలేదు. రాత్రి మెదడులోని గడియారం ఇన్సులిన్ పనిని తగ్గించి ఉంచుతుంది, మెలటోనిన్ హార్మోను ఎక్కువగా ఉంటుంది. ఆ వేళ దించిన అన్నపు గ్లూకోజు నెమ్మదిగా గాని తొలగదు. కాబట్టి “అర్ధరాత్రి అన్నం తగ్గించు” అనే సలహా మంచిదే. చెప్పిన కారణమే తప్పు. కారణం తప్పితే ఏమవుతుంది? తక్కెడమీద బరువు తగ్గలేదని మూడు నెలలకు ఆ సలహా వదలివేస్తాడు, గ్లూకోజుకు జరుగుతున్న మేలు కూడా పోతుంది.

ఆ సలహాను పాటించడం సులభం కూడా కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటలకు మించి ఎడతెరపి లేకుండా పనిచేయించరాదని, మధ్య కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వవలెనని నిబంధించినది. 250 మందికి మించినచోట కాంటీను ఉండేటట్లు చూడవచ్చునని కూడా అన్నది. రెండూ కార్మికుని మేలుకే. కాని పదింటికి మొదలైన షిఫ్టులో అయిదు గంటలంటే మూడు. విశ్రాంతి, దానితోపాటు కాంటీను గంట ఒంటిగంటకు మూడింటికి మధ్యనే పడినవి. జీవగడియారం ఇన్సులినును అణచి ఉంచే ఘడియలోనే అన్నం వడ్డించే అలవాటు అట్లా స్థిరపడినది. చట్టం విశ్రాంతి గూర్చి చెప్పినది గాని పళ్ళెంలో ఏమి ఉండవలెనో చెప్పలేదు. ఆ వేళ సాంబారన్నం బదులు గుడ్డు, ఉడికించిన శనగలు, మజ్జిగ ఉంటే గ్లూకోజు అంతగా లేవదు. మధుమేహానికి మాత్రలు వేసుకొనేవారు, ఇన్సులిన్ తీసుకొనేవారు మాత్రం వైద్యుని అడగకుండా ఆ పూట మానరాదు. గ్లూకోజు పడిపోయి యంత్రం దగ్గర కళ్ళు తిరిగితే ఎంతో ప్రమాదం.

ఆ యువకునికి నేను ఈ లెక్కలన్నీ చూపించినాను. అతడు పూరీలు మాని ఇంటికి వచ్చి ఇడ్లీ తిని, కిటికీకి నల్లని దుప్పటి కట్టి పడుకోవడం మొదలుపెట్టినాడు. రాత్రి వారంలో నిద్ర అయిదున్నర గంటలకు వచ్చినది. మూడు నెలలకు నడుము రెండు సెంటీమీటర్లు తగ్గినది, బరువు అరకిలో. ఆ రెండు సెంటీమీటర్లు టేపు పట్టిన నా చేతి తేడాయో, నిజమో చెప్పలేను. క్రిందటి నెలలో అతనిని జనరల్ షిఫ్టుకు మార్చినారు. నోటుపుస్తకం మాత్రం మానలేదు. రాత్రి వారాలు లేని మొదటి మూడు నెలల లెక్క చూడవలసి ఉన్నది.